రూ.15 వేలు పెట్టినా, రూ.2 లక్షలు పెట్టినా అవకాశం ఒకటే: ఐపీఓలో షేర్లు ఎవరికి, ఎలా దక్కుతాయి?

ఐపీఓ వచ్చిందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట. "ఎన్ని రెట్లు సబ్‌స్క్రైబ్ అయింది? ఎన్ని లాట్లు వేశావు?" ఆ తర్వాత వారం తిరగకుండానే రెండో మాట వస్తుంది. "పది లాట్లు వేశాను, ఒక్కటీ రాలేదు. పక్కింటాయన ఒక్కటి వేస్తే వచ్చింది."

ఇందులో మోసం లేదు, పైరవీ లేదు. షేర్ల కేటాయింపు అలాగే జరగాలని నిబంధనల్లోనే ఉంది. అయితే ఆ నిబంధన తెలియక చాలామంది అవసరం లేని డబ్బును ఖాతాలో బ్లాక్ చేసుకుంటున్నారు. కొందరైతే అప్పు చేసి మరీ దరఖాస్తు పెడుతున్నారు. కంపెనీ ముసాయిదా పత్రం దాఖలు చేసిన రోజు నుంచి షేరు మార్కెట్లోకి వచ్చే రోజు దాకా ఏ దశలో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ నష్టం తప్పించుకోవచ్చు.

దీనికి మన హైదరాబాద్ కంపెనీ ఒకదాని ఐపీఓను ఉదాహరణగా తీసుకుందాం. అది 2021 మార్చిలో వచ్చిన ఎంటార్ టెక్నాలజీస్ ఇష్యూ. 1970లో మొదలైన ఈ సంస్థ అణు విద్యుత్ కేంద్రాలకు, ఇస్రో రాకెట్లకు, అమెరికాలోని బ్లూమ్ ఎనర్జీ తయారుచేసే ఫ్యూయల్ సెల్ యూనిట్లకు కావలసిన అతి కచ్చితమైన విడిభాగాలు తయారు చేస్తుంది. రూ.596 కోట్ల ఈ ఇష్యూకు మొత్తం మీద 200 రెట్ల స్పందన వచ్చింది.

ముసాయిదాలో ఏముంటుంది?

ప్రజలకు షేర్లు అమ్మాలనుకున్న కంపెనీ ముందుగా మర్చంట్ బ్యాంకర్లను నియమించుకుంటుంది. ఎంటార్‌కు ఈ పని జేఎం ఫైనాన్షియల్, ఐఐఎఫ్ఎల్ సెక్యూరిటీస్ చేశాయి. వాళ్లు కంపెనీ లెక్కలు, కోర్టు కేసులు, అప్పులు, ప్రమోటర్ల వివరాలు పరిశీలించి ఒక పెద్ద పత్రం తయారు చేస్తారు. దాన్నే డీఆర్‌హెచ్‌పీ అంటారు, అంటే ముసాయిదా ఆఫర్ పత్రం. దీన్ని సెబీకి, స్టాక్ ఎక్స్ఛేంజీలకు ఇస్తారు. ఎంటార్ ఈ పత్రాన్ని 2020 డిసెంబరులో దాఖలు చేసింది.

ఈ ముసాయిదాను కనీసం 21 రోజులు ప్రజల ముందు ఉంచాలి. సెబీ వెబ్‌సైట్లో ఎవరైనా దాన్ని చదవవచ్చు, అభ్యంతరం ఉంటే రాసి పంపవచ్చు. సెబీ తన పరిశీలనలు తెలిపాక వాటి ప్రకారం పత్రాన్ని సరిదిద్దుతారు. ఆ లేఖ వచ్చిన నాటి నుంచి సాధారణంగా 12 నెలల్లోగా ఇష్యూ తేవాలి. లేదంటే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. "సెబీ అనుమతి ఇచ్చింది" అనే శీర్షిక చూసి, కంపెనీ మంచిదని ప్రభుత్వ సంస్థే చెప్పిందని అనుకుంటారు. అది నిజం కాదు. చెప్పవలసిన వివరాలన్నీ కంపెనీ చెప్పిందా లేదా అన్నదే సెబీ చూస్తుంది. కంపెనీ లాభాల్లో నడుస్తుందా, ధర సరైనదేనా అన్న దానికి సెబీ పూచీ పడదు. ఆ మాట ఆఫర్ పత్రంలోనే రాసి ఉంటుంది.

ముసాయిదాలో మీకు ధర కనిపించదు. ధర కోసం వెతకడం మాని రెండు విషయాలు చూడండి. ఒకటి, రిస్కుల భాగం. ఎంటార్ విషయంలో అందులో ముఖ్యమైనది కస్టమర్ల సంగతి. ఆదాయంలో చాలా పెద్ద వాటా బ్లూమ్ ఎనర్జీ అనే ఒక్క కస్టమర్ నుంచే వస్తోంది. ఆ కస్టమర్ ఆర్డర్లు తగ్గిస్తే ఇక్కడ హైదరాబాద్‌లో యంత్రాలు ఖాళీగా ఉంటాయి. ఇలాంటి సంగతి ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించదు, పత్రంలో మాత్రం ఉంటుంది. రెండోది, మీ డబ్బు ఎవరి జేబులోకి వెళ్తుందన్న లెక్క.

మీరిచ్చే డబ్బు కంపెనీకేనా?

ఐపీఓలో షేర్లు రెండు రకాలుగా వస్తాయి. కంపెనీ కొత్తగా షేర్లు జారీ చేస్తే ఆ డబ్బు కంపెనీకి వెళ్తుంది. దాంతో అప్పు తీర్చుకోవచ్చు, వ్యాపారం పెంచుకోవచ్చు. దీన్ని ఫ్రెష్ ఇష్యూ అంటారు. ఇప్పటికే షేర్లు ఉన్నవాళ్లు తమ వాటా అమ్ముకుంటే ఆ డబ్బు వాళ్లకే వెళ్తుంది, కంపెనీకి ఒక్క రూపాయి కూడా రాదు. దీన్ని ఆఫర్ ఫర్ సేల్ అంటారు.

ఎంటార్ ముసాయిదా ప్రకారం కొత్త షేర్లు 40 లక్షల దాకా, పాత వాటాదారులు అమ్మేవి 82 లక్షలకు పైగా ఉన్నాయి. అయితే ఇష్యూ మొదలు కాకముందే కంపెనీ కొన్ని కొత్త షేర్లను ఒక్కొక్కటి రూ.540 చొప్పున పెద్ద ఇన్వెస్టర్లకు నేరుగా అమ్మి రూ.100 కోట్లు సమీకరించుకుంది. దీన్ని ప్రీ-ఐపీఓ ప్లేస్‌మెంట్ అంటారు. అలా అమ్మిన షేర్లను ప్రజలకు ఇవ్వాల్సిన కొత్త షేర్లలోంచి తీసేశారు. చివరికి ప్రజల ముందుకు వచ్చేసరికి కొత్త షేర్లు 21.48 లక్షలే మిగిలాయి. పాత వాటాదారులు అమ్మే సంఖ్య మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. రూ.596 కోట్ల ఇష్యూలో కంపెనీకి వెళ్లింది రూ.123.5 కోట్లు. మిగతా రూ.473 కోట్ల దాకా వాటా అమ్ముకున్నవాళ్లకు వెళ్లింది. ఇందులో తప్పేమీ లేదు, అంతా పత్రంలో రాసే ఉంది. కానీ "కంపెనీ రూ.596 కోట్లు సమీకరిస్తోంది" అని చదివినవాళ్లకు ఈ తేడా తెలియదు. అందుకే ముసాయిదాతో ఆగిపోకూడదు. ఇష్యూకు ముందు వచ్చే ఆర్‌హెచ్‌పీని కూడా ఒకసారి తెరవాలి. కంపెనీల రిజిస్ట్రార్ వద్ద దాఖలయ్యే ఈ పత్రంలో షేర్ల సంఖ్య, తేదీలు, తాజా లెక్కలు ఉంటాయి. ముసాయిదాకు దీనికి మధ్య ఏం మారిందో చూస్తే మీకు చాలా సంగతులు తెలుస్తాయి.

ధర ఎవరు నిర్ణయిస్తారు?

బుక్ బిల్డింగ్ అంటే ఒక రకంగా వేలం లాంటిదే. కంపెనీ, మర్చంట్ బ్యాంకర్లు కలిసి కనిష్ఠ ధర, గరిష్ఠ ధర చెబుతారు. ఇష్యూ మొదలయ్యే తేదీకి కనీసం రెండు పని దినాల ముందు దాన్ని ప్రకటించాలి. ఇష్యూ కనీసం మూడు పని దినాలు తెరిచి ఉంటుంది. ఆ మూడు రోజుల్లో ఎవరెన్ని షేర్లు ఏ ధరకు కావాలంటున్నారో ఎక్స్ఛేంజీల కంప్యూటర్లలో నమోదవుతూ ఉంటుంది. ఆ చిట్టానే బుక్.

చిన్న ఉదాహరణ చెప్పుకుందాం. ఒక కంపెనీ 100 షేర్లు అమ్ముతోంది, ధర రూ.100 నుంచి రూ.105 మధ్య అనుకోండి. రూ.105 ఇస్తామని 40 షేర్లకు, రూ.103 ఇస్తామని 35 షేర్లకు, రూ.102 ఇస్తామని 30 షేర్లకు బిడ్లు వచ్చాయి. పై నుంచి కలుపుకుంటూ వస్తే రూ.102 దగ్గరకు వచ్చేసరికి 105 షేర్లకు గిరాకీ ఉంది. అంటే 100 షేర్లూ అమ్ముడుపోయే అత్యధిక ధర రూ.102. దాన్నే అందరికీ వర్తింపజేయవచ్చు. రూ.105 రాసినవాళ్లు కూడా రూ.102 చెల్లిస్తే చాలు. రూ.101 రాసినవాళ్లకు మాత్రం షేర్లు రావు.

అందుకే చిన్న ఇన్వెస్టర్లకు దరఖాస్తులో "కటాఫ్ ధర" అనే గడి ఇచ్చారు. దాన్ని ఎంచుకుంటే, చివరికి ఏ ధర తేలినా నాకు సమ్మతమేనని చెప్పినట్టు. గరిష్ఠ ధర ప్రకారం డబ్బు బ్లాక్ అవుతుంది. ధర తక్కువగా తేలితే తేడా వెనక్కి విడుదలవుతుంది.

ఎంటార్ విషయంలో ఈ వేలం పేరుకే జరిగింది. ధరల శ్రేణి రూ.574-575. కనిష్ఠానికి, గరిష్ఠానికి మధ్య ఒక్క రూపాయి తేడా. గిరాకీ ఎంతున్నా ధర రూ.575 దాటదు, ఎంత తక్కువున్నా రూ.574 కంటే దిగదు. ఆ రోజుల్లో ఇలాంటి ఇరుకైన శ్రేణులు మామూలైపోయాయి. ధరను మార్కెట్ నిర్ణయిస్తోందన్న మాటకు అర్థం లేకుండా పోయింది. దాంతో 2022 మొదట్లో సెబీ నిబంధన మార్చింది. గరిష్ఠ ధర, కనిష్ఠ ధర కంటే కనీసం 5 శాతం ఎక్కువ ఉండాలని చెప్పింది. 20 శాతానికి మించకూడదన్న నిబంధన అంతకుముందు నుంచే ఉంది. అయితే వాస్తవంలో ఇప్పటికీ గిరాకీ ఉన్న ఇష్యూల ధర సాధారణంగా శ్రేణి పైఅంచునే తేలుతుంది. కాబట్టి దరఖాస్తు పెట్టేటప్పుడు పై ధరే కొనుగోలు ధర అనుకుని లెక్క వేసుకోవడం మంచిది.

యాంకర్ల జాబితా ఎందుకు చూడాలి?

ఇష్యూ మనకు తెరుచుకునే ముందు రోజే మ్యూచువల్ ఫండ్లు, విదేశీ ఫండ్లు, బీమా సంస్థల వంటి పెద్ద ఇన్వెస్టర్లకు కొన్ని షేర్లు కేటాయిస్తారు. వాళ్లను యాంకర్ ఇన్వెస్టర్లు అంటారు. ఎంటార్ ఇష్యూ 2021 మార్చి 3న మొదలైంది. అంతకు ముందు రోజు యాంకర్ల నుంచి దాదాపు రూ.179 కోట్లు వచ్చాయి.

ఎవరు ఎంత కొన్నారో అదే రోజు ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లో పెడతారు. ఆ జాబితాలో పేరున్న ఫండ్లు ఉంటే మంచి సంకేతమే, కానీ అది హామీ కాదు. వాళ్లు ఎప్పుడు అమ్ముకోగలరన్నది కూడా చూడాలి. అప్పట్లో యాంకర్లు 30 రోజుల పాటు షేర్లు అమ్మకూడదన్న షరతు ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి ఆ షేర్లలో సగానికి 30 రోజులు, మిగతా సగానికి 90 రోజుల గడువు పెట్టారు. ఆ గడువు తీరే రోజుల్లో షేరు మీద అమ్మకాల ఒత్తిడి రావచ్చు. కొత్తగా లిస్టయిన షేరు నెల తిరిగేసరికి ఎందుకు పడిందా అని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ తేదీ చూసుకుంటే కారణం కనిపిస్తుంది.

ఎన్ని లాట్లు వేయాలి?

ఎక్కువమంది డబ్బు తప్పుగా కేటాయించేది ఈ దశలోనే. లాభాల చరిత్ర ఉన్న కంపెనీల ఇష్యూలో సాధారణంగా షేర్లను మూడు భాగాలు చేస్తారు. సంస్థాగత ఇన్వెస్టర్లకు 50 శాతం మించకుండా, రూ.2 లక్షలకు పైగా దరఖాస్తు పెట్టే సంస్థేతర ఇన్వెస్టర్లకు కనీసం 15 శాతం, రూ.2 లక్షల లోపు పెట్టే చిన్న ఇన్వెస్టర్లకు కనీసం 35 శాతం. యాంకర్ల వాటా సంస్థాగత భాగంలోంచే వస్తుంది. తగినంత లాభాల చరిత్ర లేని కంపెనీలైతే చిన్న ఇన్వెస్టర్ల వాటా 10 శాతమే.

ఎంటార్ ఇష్యూలో మొత్తం షేర్లు 1.04 కోట్లు. అందులో 35 శాతం అంటే దాదాపు 36.3 లక్షల షేర్లు చిన్న ఇన్వెస్టర్లవి. ఒక లాట్ 26 షేర్లు, ధర రూ.14,950. ఒక్కొక్కరికి ఒక్క లాట్ చొప్పున ఇస్తే గరిష్ఠంగా 1.39 లక్షల మందికి మాత్రమే సరిపోతాయి. కానీ ఈ భాగానికి 28 రెట్లకు పైగా బిడ్లు వచ్చాయి.

ఇలాంటప్పుడు నిబంధన ఒక్కటే: దరఖాస్తుదారులను లాటరీ తీస్తారు. పేరు వచ్చినవాళ్లకు ఒక్క లాట్ ఇస్తారు, రానివాళ్లకు ఏమీ ఇవ్వరు. మీరు ఎన్ని లాట్లకు వేశారన్నది ఈ లాటరీలో లెక్కలోకి రాదు. ఎంటార్‌లో రూ.2 లక్షల పరిమితిలో గరిష్ఠంగా 13 లాట్లు వేయవచ్చు. దానికి రూ.1,94,350 బ్లాక్ అవుతుంది. ఒక్క లాట్ వేసినవారికి రూ.14,950 బ్లాక్ అవుతుంది. షేర్లు వచ్చే అవకాశం మాత్రం ఇద్దరికీ సమానం. వస్తే ఇద్దరికీ ఆ 26 షేర్లే.

కాబట్టి గిరాకీ ఎక్కువగా ఉండే ఇష్యూలో ఒక్క లాటే వేయండి. మిగతా డబ్బుతో ఇంట్లో వేరొకరి పేరు మీద వేయవచ్చు. భార్యకో, నాన్నకో సొంత పాన్, సొంత డీమ్యాట్ ఖాతా, సొంత బ్యాంకు ఖాతా ఉంటే వాళ్లు విడిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అవకాశం నిజంగా పెరిగేది అలాగే. ఒకే పాన్ మీద రెండు దరఖాస్తులు పెడితే మాత్రం తిరస్కరణకు గురవుతాయి.

"200 రెట్లు" అన్న అంకె గురించీ ఒక మాట. అది మొత్తం ఇష్యూ సగటు. ఎంటార్‌లో చిన్న ఇన్వెస్టర్ల భాగం 28 రెట్లు నిండితే, సంస్థేతర ఇన్వెస్టర్ల భాగం ఏకంగా 650 రెట్లు నిండింది. ఇక్కడ వచ్చే ప్రతి అంకె ఒకే అర్థం చెప్పదు. మీ అవకాశం తెలియాలంటే మీ భాగం ఎన్ని రెట్లు నిండిందో చూడాలి. అది ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లో ఏ రోజుకారోజు విడివిడిగా కనిపిస్తుంది.

అప్పు చేసి వేసినవాళ్లకు ఏమైంది?

ఆ 650 రెట్ల వెనక పెద్ద కథే ఉంది. అప్పట్లో సంస్థేతర భాగంలో లాటరీ లేదు. ఎంతకు దరఖాస్తు పెడితే దానికి తగ్గ నిష్పత్తిలో షేర్లు ఇచ్చేవారు. 650 రెట్లు నిండితే 650 షేర్లకు వేసినవారికి ఒక్క షేరు వస్తుంది. అంటే 26 షేర్లు రావాలంటే దాదాపు 16,900 షేర్లకు, అంటే రూ.97 లక్షలకు దరఖాస్తు పెట్టాలి.

అంత డబ్బు చేతిలో ఉండదు కాబట్టి ఫైనాన్స్ సంస్థల దగ్గర వారం పది రోజులకు అప్పు తెచ్చి వేసే అలవాటు ఉండేది. ఆ అప్పుకు ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుందాం. రూ.97 లక్షలకు ఏడు రోజుల వడ్డీ రూ.18,600 అవుతుంది. ఎంటార్ షేరు ఎన్‌ఎస్‌ఈలో రూ.1,050 వద్ద లిస్టయింది, అంటే 83 శాతం లాభం. అయినా 26 షేర్ల మీద లాభం రూ.12,350 మాత్రమే. షేరు దాదాపు రెట్టింపు అయినా, ఈ లెక్కన అప్పు చేసినవారు నష్టపోతారు. ఇష్యూ హిట్ అయిందని పేపర్లో చదివినా, అందులో పాల్గొన్న అందరూ లాభపడ్డారని అనుకోకూడదు.

2022 ఏప్రిల్ నుంచి పరిస్థితి మారింది. ఇలా అప్పు ఇచ్చే ఫైనాన్స్ సంస్థలు ఒక్కొక్కరికి రూ.కోటికి మించి ఇవ్వకూడదని ఆర్‌బీఐ పరిమితి పెట్టింది. సంస్థేతర భాగంలోనూ సెబీ లాటరీ పద్ధతి తెచ్చింది. ఆ భాగంలో మూడో వంతును రూ.2 లక్షల నుంచి రూ.10 లక్షల మధ్య వేసేవారికి విడిగా కేటాయించింది.

ఫోన్‌లోనే పెట్టొచ్చా? ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి?

ఇప్పుడు దరఖాస్తు కోసం చెక్కు రాయనక్కర్లేదు. ఆస్బా పద్ధతిలో మీ డబ్బు మీ ఖాతాలోనే ఉంటుంది, బ్లాక్ మాత్రం అవుతుంది. షేర్లు వస్తేనే కోత పడుతుంది. అప్పటిదాకా పొదుపు ఖాతాలో ఆ డబ్బుకు వడ్డీ కూడా వస్తుంది. రూ.5 లక్షల లోపు దరఖాస్తులకు యూపీఐ వాడవచ్చు. కాబట్టి మీరు గచ్చిబౌలిలో ఉన్నా, తిరువూరు పక్కన గంపలగూడెంలో ఉన్నా దరఖాస్తుకు తేడా లేదు. ఫోన్‌లో బ్రోకర్ యాప్ ద్వారా పెట్టుకోవచ్చు, లేదా బ్యాంకు నెట్ బ్యాంకింగ్ ద్వారా పెట్టుకోవచ్చు.

చాలా దరఖాస్తులు లాటరీ దాకా చేరకుండానే పోతాయి. మొదటి కారణం యూపీఐ మ్యాండేట్. యాప్‌లో దరఖాస్తు పెట్టగానే పని అయిపోయిందనుకుంటారు. కానీ తర్వాత మీ యూపీఐ యాప్‌కు ఒక అభ్యర్థన వస్తుంది. దాన్ని తెరిచి పిన్ కొట్టి అంగీకరించాలి. ఇష్యూ ముగిసే రోజు సాయంత్రం 5 గంటల లోపు అంగీకరించకపోతే దరఖాస్తు లెక్కలోకి రాదు. చివరి రోజు మధ్యాహ్నం అందరూ ఒకేసారి పెడతారు కాబట్టి అభ్యర్థన ఆలస్యంగా రావచ్చు. అందుకే రెండో రోజే పెట్టేయడం మేలు. బ్యాంకు ఖాతాలో డబ్బు బ్లాక్ అయినట్టు మెసేజ్ వచ్చాకే పని పూర్తయినట్టు లెక్క.

రెండో కారణం వేరేవాళ్ల ఖాతా. నాన్న డీమ్యాట్ నుంచి దరఖాస్తు పెట్టి, కొడుకు యూపీఐ నుంచి డబ్బు బ్లాక్ చేస్తే తిరస్కరిస్తారు. పల్లెల్లో పెద్దవాళ్ల తరఫున పిల్లలు ఫోన్‌లో పెట్టేటప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే. ఎవరి పేరు మీద దరఖాస్తో వారి బ్యాంకు ఖాతాకు అనుసంధానమైన యూపీఐ ఐడీనే ఇవ్వాలి.

మనసు మారితే ఎలా? చిన్న ఇన్వెస్టర్లు ఇష్యూ ముగిసే దాకా బిడ్‌ను మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. మొదటి రెండు రోజుల్లో పెద్ద సంస్థల స్పందన ఎలా ఉందో చూసి నిర్ణయం తీసుకునే వీలు మీకుంది. పెద్ద ఇన్వెస్టర్లకు ఆ వెసులుబాటు లేదు, వాళ్లు బిడ్ తగ్గించుకోవడానికీ రద్దు చేసుకోవడానికీ వీల్లేదు.

ముగిసిన తర్వాత మూడు రోజులు

ఎంటార్ ఇష్యూ మార్చి 5న ముగిస్తే షేరు లిస్టయింది మార్చి 15న. అంటే పది రోజులు డబ్బు బ్లాక్ అయి ఉంది. ఇప్పుడు అంతసేపు పట్టదు. 2023 డిసెంబరు 1 నుంచి ఇష్యూ ముగిసిన మూడో పని దినానికే లిస్టింగ్ తప్పనిసరి చేశారు. మొదటి పని దినాన కేటాయింపు తేలుస్తారు. రెండో రోజు షేర్లు డీమ్యాట్‌లో జమ అవుతాయి, రానివాళ్ల డబ్బు విడుదల చేస్తారు. మూడో రోజు ట్రేడింగ్.

కేటాయింపు లెక్కలు చూసేది రిజిస్ట్రార్. ఎంటార్‌కు ఆ పని చేసింది హైదరాబాద్‌కు చెందిన కేఫిన్ టెక్నాలజీస్. మీ దరఖాస్తుకు షేర్లు వచ్చాయా లేదా అన్నది రిజిస్ట్రార్ వెబ్‌సైట్లో పాన్ నంబర్ కొట్టి చూసుకోవచ్చు. షేర్లు రాకపోయినా డబ్బు విడుదల కాకపోతే ముందు మీ బ్యాంకును అడగండి. గడువు దాటిన ప్రతి రోజుకూ రూ.100 లేదా బ్లాక్ అయిన మొత్తం మీద ఏడాదికి 15 శాతం చొప్పున, ఏది ఎక్కువైతే అది పరిహారంగా రావాలి. అక్కడ తేలకపోతే సెబీ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో రాయవచ్చు. అందుకోసం దరఖాస్తు నంబర్, బ్లాక్ మెసేజ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి.

లిస్టింగ్ రోజు ఉదయం 9 నుంచి 10 గంటల మధ్య ప్రత్యేక సమయంలో కొనేవాళ్లు, అమ్మేవాళ్ల ఆర్డర్లు కలిపి ప్రారంభ ధర తేలుస్తారు. 10 గంటలకు మామూలు ట్రేడింగ్ మొదలవుతుంది. దానికి ముందు వాట్సాప్‌లో తిరిగే "గ్రే మార్కెట్ ప్రీమియం"కు ఎక్స్ఛేంజీలతో గానీ సెబీతో గానీ ఏ సంబంధమూ లేదు. అది అనధికార బేరం. అది తప్పితే అడగడానికి ఎవరూ ఉండరు.

గిరాకీ తక్కువైతే చెడ్డ ఇష్యూయేనా?

ఎంటార్‌కు నాలుగు నెలల ముందు, 2020 నవంబరులో హైదరాబాద్‌కే చెందిన గ్లాండ్ ఫార్మా ఐపీఓ వచ్చింది. దాదాపు రూ.6,480 కోట్ల ఇష్యూ. ధర రూ.1,500. చిన్న ఇన్వెస్టర్ల భాగం 24 శాతమే నిండింది. అంటే వాళ్లలో సక్రమంగా దరఖాస్తు పెట్టిన ప్రతి ఒక్కరికీ అడిగినన్ని షేర్లు వచ్చాయి, లాటరీయే లేదు. నవంబరు 20న ఆ షేరు రూ.1,700 పైన లిస్టయింది.

మరోవైపు 2022 మేలో దేశంలోనే అప్పటికి అతిపెద్ద ఐపీఓగా వచ్చిన ఎల్ఐసీ ఇష్యూ దాదాపు మూడు రెట్లు నిండింది. ధర రూ.949. పాలసీదారులకు రూ.60, చిన్న ఇన్వెస్టర్లకు రూ.45 తగ్గింపు కూడా ఇచ్చారు. లిస్టయింది బీఎస్‌ఈలో రూ.867 వద్ద. తగ్గింపు పోను రూ.889కి కొన్న పాలసీదారుకు కూడా మొదటి నిమిషంలోనే నష్టం.

కాబట్టి సబ్‌స్క్రిప్షన్ అంకె షేర్లు దక్కుతాయా లేదా అన్నది చెబుతుంది. ఆ కంపెనీ ధరకు తగ్గదా కాదా అన్నది చెప్పదు. దానికి మీరు మళ్లీ ఆర్‌హెచ్‌పీ దగ్గరకే వెళ్లాలి. డబ్బు ఎవరికి వెళ్తుంది, అమ్ముతున్నది ఎవరు, ఆదాయం ఎంతమంది కస్టమర్ల మీద ఆధారపడి ఉంది, ఇదే వ్యాపారం చేసే ఇతర కంపెనీల కంటే ధర ఎంత ఎక్కువగా అడుగుతున్నారు అన్న నాలుగూ చూడండి. చివరిది "ఆఫర్ ధరకు ఆధారం" అనే భాగంలో పట్టికగా ఉంటుంది.

షేర్లు వచ్చి అట్టిపెట్టుకోవాలనుకుంటే క్యాలెండర్‌లో మూడు తేదీలు రాసుకోండి. యాంకర్ల మొదటి సగం గడువు తీరే 30వ రోజు, రెండో సగం తీరే 90వ రోజు, ప్రమోటర్లు కాని పాత వాటాదారుల్లో చాలామంది గడువు తీరే ఆరో నెల. ఆ తేదీలకు అటూ ఇటూ షేరు కదిలితే, కంపెనీ వ్యాపారంలో ఏదో జరిగిందని కంగారు పడేముందు ఎవరు అమ్మారో ఎక్స్ఛేంజీల బల్క్ డీల్స్ జాబితాలో చూడండి.